బాకీ కన్ఫర్మేషన్ మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి: డిస్ట్రిబ్యూటర్ స్టేట్‌మెంట్‌లో 1,64,580 రూపాయల తేడా

ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్, శానిటరీ షాపులు నడుపుతూ డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఖాతా మీద సరుకు తెచ్చుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మార్చి నెలాఖరులో "మా పుస్తకాల ప్రకారం మీ బాకీ ఇంత, కన్ఫర్మ్ చేయండి" అంటూ ఒక్క అంకెతో కాగితం వస్తుంది. ఏడాది మొత్తం లెడ్జర్ తెప్పించుకుని, బిల్లు బిల్లుకీ సరిచూసుకునేదాకా దాని మీద సంతకం, స్టాంపు వేయకండి.

మాది గుంటూరు జిల్లాలో ఎలక్ట్రికల్ షాపు. వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు విజయవాడలోని ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర తెస్తాం. పేరు ఇక్కడ రాయను. 2025 మార్చి 31 నాటికి మేం 4,86,320 రూపాయలు ఇవ్వాలని వాళ్ళ కాగితం. మా టాలీలో ఆ ఖాతా బాకీ 3,21,740. తేడా 1,64,580. కాగితం తెచ్చిన సేల్స్ కుర్రాడు "అన్నా, ఆడిటర్ అడుగుతున్నాడు, సంతకం పెట్టేయండి, తేడా ఏమైనా ఉంటే తర్వాత చూసుకుందాం" అన్నాడు. ఆ "తర్వాత చూసుకుందాం" దగ్గరే ఉంది ప్రమాదమంతా.

ఎందుకంటే సంతకం పెట్టిన బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అంటే బాకీ ఒప్పుకున్నట్టు రాతపూర్వక సాక్ష్యం. 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ప్రకారం, గడువు తీరకముందు అలా రాసి ఒప్పుకుంటే వసూలు దావాకి గడువు ఆ రోజు నుంచి మళ్ళీ మొదలవుతుంది. పైగా మనలో చాలామంది సెక్యూరిటీ కింద సంతకం చేసిన ఖాళీ చెక్కులు డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉంచుతాం. మీరే ఒప్పుకున్న అంకె ఆ చెక్కు మీదికి ఎక్కితే, అది బౌన్స్ అయ్యాక "అంత బాకీ లేదు" అని నిరూపించుకోవాల్సింది మీరే.

వాళ్ళని స్టేట్‌మెంట్ అడిగితే మొదట వచ్చింది జనవరి నుంచి మార్చి వరకే. పైన "ఓపెనింగ్ బ్యాలెన్స్" అని ఒక అంకె, కింద మూడు నెలల పద్దులు. ఇలాంటిది వస్తే ముందు ఆ ఓపెనింగ్ అంకె మీ లెడ్జర్‌తో కలుస్తుందో లేదో చూడండి. మాకు జనవరి 1 నాటికే 27,140 తేడా ఉంది. అంటే ఆ తేడా డిసెంబర్‌లోనో అంతకు ముందో పుట్టింది, ఈ మూడు నెలల కాగితంలో ఎంత వెతికినా దొరకదు. ఏప్రిల్ 1 నుంచి పూర్తి ఏడాదిది కావాలని పట్టుబట్టాం.

రెండో విషయం, వచ్చినది సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా తీసిన లెడ్జర్ కాదు, ఎవరో ఎక్సెల్‌లో టైప్ చేసిన షీట్. వోచర్ నంబర్లు లేవు, కొన్నిచోట్ల తేదీ ఒకలా, కొన్నిచోట్ల ఇంకోలా ఉంది. చేత్తో కొట్టిన స్టేట్‌మెంట్ అని ఇలాగే పోల్చుకోవచ్చు. అలాంటిది వస్తే తిప్పి పంపి, సాఫ్ట్‌వేర్ లెడ్జర్ పీడీఎఫ్ అడగండి. మాకు అది ఇవ్వడానికి వాళ్ళు చాలా సాగదీశారు, కాబట్టి ఉన్న షీట్‌తోనే మొదలుపెట్టాం.

సరిచూసే పద్ధతి కష్టమేమీ కాదు. వాళ్ళ డెబిట్ మన క్రెడిట్ అని గుర్తుంటే చాలు. వాళ్ళు మనకి వేసిన బిల్లు వాళ్ళ లెడ్జర్‌లో డెబిట్, మన లెడ్జర్‌లో క్రెడిట్. మనం కట్టిన డబ్బు అటు క్రెడిట్, ఇటు డెబిట్. ఒకే ఎక్సెల్ ఫైల్‌లో Ours, Theirs అని రెండు షీట్లు పెట్టి, రెండింట్లోనూ A కాలమ్‌లో తేదీ, B లో బిల్లు నంబర్, C లో మొత్తం ఉంచండి. B లో ఉండాల్సింది సప్లయర్ బిల్లు నంబర్, మన టాలీ వోచర్ నంబర్ కాదు. కొనుగోలు ఎంట్రీ చేసేటప్పుడు Supplier Invoice No. గడి ఖాళీగా వదిలేసే షాపుల్లో ఈ పని ఇక్కడే ఆగిపోతుంది, అప్పుడు బిల్లుల ఫైలు ముందేసుకుని నంబర్లు ఎక్కించుకోవాల్సిందే. ఒక షీట్‌లో 24-25/1874 అని, ఇంకోదాంట్లో ఉత్త 1874 అని ఉన్నా కలవదు, రెండూ ఒకేలా మార్చుకోవాలి. తర్వాత Theirs షీట్‌లో ఖాళీ కాలమ్‌లో ఈ ఫార్ములా వేసి కిందికి లాగండి:

```
=SUMIFS(Ours!C:C,Ours!B:B,B2)-SUMIFS(Theirs!C:C,Theirs!B:B,B2)
```

సున్నా వస్తే ఆ బిల్లు కలిసినట్టు. మైనస్ గుర్తుతో బిల్లు మొత్తమంతా వస్తే అది మన పుస్తకాల్లో లేదు, లేదా వాళ్ళు రెండుసార్లు వేశారు. ఇంకేదో అంకె వస్తే ఇద్దరి దగ్గరా ఉంది గానీ మొత్తాలు వేరు. ఇదే ఫార్ములా Ours షీట్‌లోనూ వేయాలి, లేకపోతే మన దగ్గర ఉండి వాళ్ళ దగ్గర లేని బిల్లులు బయటపడవు. చెల్లింపులకి బిల్లు నంబర్ ఉండదు కాబట్టి వాటిని విడిగా తేదీ, మొత్తం, బ్యాంకు యూటీఆర్ నంబర్ చూసి కలుపుకోవాలి. రిటర్న్‌లు, క్రెడిట్ నోట్లు కూడా చేత్తోనే.

మాకు నాలుగు పద్దులు మిగిలాయి.

మొదటిది 1874 నంబర్ బిల్లు. మా దగ్గర 45,312, వాళ్ళ షీట్‌లో 54,312. తేడా 9,000. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది, అలాంటి తేడా కనిపిస్తే ముందు టైపింగ్‌నే అనుమానించాలి. బిల్లు తీసి చూస్తే సరుకు 38,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 6,912, మొత్తం 45,312. ఇది వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు.

రెండోది అసలు కథ. 2217 నంబర్, ఫిబ్రవరి నెల, 68,440 రూపాయలు. మా దగ్గర బిల్లూ లేదు, సరుకూ దిగలేదు. జీఎస్టీ పోర్టల్‌లో మా జీఎస్టీఆర్-2బి చూస్తే అందులోనూ లేదు. సప్లయర్ తన రిటర్న్‌లో మన జీఎస్టీ నంబర్ మీద చూపించిన బిల్లే మన 2బిలోకి వస్తుంది. అంటే ఈ అమ్మకం మాకు చేసినట్టు వాళ్ళు ప్రభుత్వానికి చెప్పలేదు, మా దగ్గర మాత్రం డబ్బు అడుగుతున్నారు. అకౌంటెంట్‌ని ఫోన్‌లో అడిగితే "సరుకు వచ్చే ఉంటుంది సార్, మీ వాళ్ళెవరో దించుకుని ఉంటారు" అన్నాడు. ఇలాంటి జవాబుకి వాదన పెట్టుకోవద్దు, కాగితాలు అడగండి: బిల్లు కాపీ, మన సంతకం ఉన్న డెలివరీ కాపీ, ఈ-వే బిల్లు. 50,000 దాటిన సరుకు కాబట్టి ఈ-వే బిల్లు ఉండి తీరాలి.

చివరికి బిల్లు కాపీ వచ్చింది. దాని మీద షాపు పేరు మాదే, ఊరు వేరు, జీఎస్టీ నంబర్ వేరు. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారులు 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్ వేయాలి, కాబట్టి బిల్లు మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. ప్రభుత్వ వెరిఫై యాప్‌లో దాన్ని స్కాన్ చేస్తే కొన్నవాళ్ళ జీఎస్టీ నంబర్ కనిపిస్తుంది. కాపీ మీద అక్షరాలు ఎవరైనా దిద్దొచ్చు, అందుకే క్యూఆర్ కూడా చూశాం. అందులోనూ వేరే నంబరే. అదే పేరుతో ఇంకో షాపు ఈ డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొంటోంది. మన వైపు షాపులకి దేవుడి పేర్లే కదా, ఒక జిల్లాలో అదే పేరు ఎన్ని బోర్డుల మీద ఉంటుందో మీకు తెలిసిందే.

మూడో పద్దు దానికి జంట. మార్చిలో మేం నెఫ్ట్ చేసిన 60,000 వాళ్ళ షీట్‌లో లేదు. నెలాఖరున వేసిన డబ్బు అటు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా ఎక్కితే అది మామూలు తేడా, ఏప్రిల్ మొదట్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఇది నెల మధ్యలో కట్టింది, ఏప్రిల్‌లోనూ కనబడలేదు. యూటీఆర్ నంబర్, మా బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ పంపితే తేలింది, ఆ డబ్బు అదే పేరున్న రెండో షాపు ఖాతాలో జమ చేశారట. వాళ్ళ బిల్లు మా నెత్తిన, మా డబ్బు వాళ్ళ ఖాతాలో! పొరపాటే అనుకుందాం. కానీ ఇంత పొరపాటు ఉన్న కాగితం మీద "సరుకు ఆపేస్తాం" అని బెదిరించి సంతకం అడగడం పొరపాటు కాదు.

అందుకే డబ్బు పంపేటప్పుడు ఏ బిల్లుకి కడుతున్నారో రాసి పంపండి. 1872 ఒప్పంద చట్టం సెక్షన్ 59 ప్రకారం, బాకీదారు ఫలానా బాకీకి అని చెప్పి కట్టిన డబ్బుని తీసుకున్నవాళ్ళు దానికే జమ చేయాలి. ఏమీ చెప్పకపోతే, సందర్భాన్ని బట్టీ తెలియకపోతే, ఏ బాకీకి జమ చేయాలో సెక్షన్ 60 కింద వాళ్ళ ఇష్టం. నెఫ్ట్ చేసిన వెంటనే బిల్లు నంబర్లు, మన జీఎస్టీ నంబర్ కలిపి ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది.

నాలుగోది ఆ డిసెంబర్ తేడా, 27,140. పాడైన ఫ్యాన్లు వెనక్కి పంపాం, విలువ 23,000, జీఎస్టీ 4,140. మేం డెబిట్ నోట్ వేసుకుని మా బాకీ తగ్గించుకున్నాం. వాళ్ళు క్రెడిట్ నోట్ ఇవ్వలేదు. మనం డెబిట్ నోట్ రాసినంత మాత్రాన వాళ్ళ లెడ్జర్ మారదు. వాళ్ళ గోడౌన్ స్టాంపు ఉన్న రిటర్న్ చలానా మా దగ్గర ఉంది కాబట్టి సరుకు రాలేదని అనలేకపోయారు. "కంపెనీ నుంచి మాకింకా క్రెడిట్ రాలేదు, వస్తే ఇస్తాం" అంటున్నారు. ఇక్కడ ఒక గడువుంది. 2024-25లో అమ్మిన సరుకుకి జీఎస్టీతో కూడిన క్రెడిట్ నోట్‌ని వాళ్ళు 2025 నవంబర్ 30 లోపు రిటర్న్‌లో చూపిస్తేనే వాళ్ళ పన్ను తగ్గుతుంది. అది దాటాక 23,000 మాత్రమే ఇస్తాం అంటారు. అంతవరకూ రానివ్వకండి. ఇక 2బి కలిసింది కదా అని ఇలాంటి వాటిని మర్చిపోవద్దు. జీఎస్టీ లేకుండా ఇచ్చే స్కీమ్ డిస్కౌంట్ క్రెడిట్లు, మనం కట్టిన డబ్బులు 2బిలో కనిపించవు, అవి లెడ్జర్ లెడ్జర్ పక్కన పెట్టుకుంటేనే దొరుకుతాయి.

మొదటి మూడూ కలిపి 1,37,440 వాళ్ళు సరిచేశారు. వాళ్ళ బాకీ అంకె ఇప్పుడు 3,48,880, మాది 3,21,740. వాళ్ళ ఫారం మీద సంతకం పెట్టకుండా మా లెటర్‌హెడ్ మీద "మా పుస్తకాల ప్రకారం 31-03-2025 నాటికి బాకీ 3,21,740. తేడా 27,140, డిసెంబర్ రిటర్న్ సరుకుకి మీరు ఇవ్వాల్సిన క్రెడిట్ నోట్" అని రాసి, చలానా కాపీ జతచేసి ఈమెయిల్ చేశాం. వాళ్ళ ఆడిటర్‌కి అదే సరిపోయింది. సరుకు ఆగలేదు.

విజయవాడ నుంచి ఖాతా మీద తెచ్చుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ పేరుతోనే ఇంకో షాపు ఆ డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొంటోందేమో ముందు కనుక్కోండి. ఉంటే, వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో మీ ఖాతా పేరు పక్కన ఊరి పేరు చేర్పించండి.