మూడు డేటా మోడళ్లు వాడాక: దారి వెతికే పని ఎవరిది?

హైరార్కికల్, నెట్‌వర్క్, రిలేషనల్ మూడింటిలోనూ ఏళ్ల తరబడి ప్రోగ్రాములు రాశాను. డేటా మోడళ్ల పరిణామం గురించి పరీక్షలో అడిగితే చాలామంది చెట్టు, గ్రాఫ్, టేబుల్ బొమ్మలు గీసి ఊరుకుంటారు. వాడినవాడిగా నేను మొదట రాసేది వేరు: డేటా దగ్గరికి దారి ఎవరు వెతకాలి అన్నదే అసలు తేడా.

అపోలో కార్యక్రమంలో విడిభాగాల లెక్క కోసం పుట్టిన ఐబీఎం వారి హైరార్కికల్ డేటాబేస్ ఐఎంఎస్ 1968లో పనిలోకి వచ్చింది. తల్లి రికార్డు నుంచి పిల్ల రికార్డుకు దిగడం అందులో చాలా వేగం. కానీ సరఫరాదారు కింద భాగాలు పెట్టామనుకోండి. ఒకే బోల్టును ముగ్గురు ఇస్తే దాని వివరాలు మూడు చోట్ల ఉంటాయి. ఒక సరఫరాదారుని తీసేస్తే అతనొక్కడే ఇచ్చే భాగం వివరాలూ పోతాయి. దీనికి తర్వాత లాజికల్ లింకులు వచ్చాయి గానీ, వాటితో డిజైన్ బాగా చిక్కుపడేది.

జనరల్ ఎలక్ట్రిక్‌లో చార్లెస్ బాక్‌మన్ 1960ల మొదట్లో చేసిన ఐడీఎస్ అనే డేటాబేస్, ఆ తర్వాత కోడాసిల్ అనే ప్రమాణాల సంఘం 1971లో ఇచ్చిన నివేదిక నెట్‌వర్క్ మోడల్‌కు రూపం ఇచ్చాయి. ఇందులో బోల్టు ఒక్కచోటే ఉంటుంది. మధ్యలో ఉండే సరఫరా రికార్డు బోల్టు గొలుసులోనూ, సరఫరాదారు గొలుసులోనూ సభ్యురాలు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. నన్ను బాగా ఏడిపించిందీ ఇదే.

ఒక బోల్టును ఎవరెవరు ఇస్తారో లూప్‌లో చదువుతూ, మధ్యలో ప్రతి సరఫరాదారు ఇచ్చే మిగతా భాగాలు కూడా లెక్కపెట్టాను. లోపలి లూప్ ఇంకో బోల్టు తాలూకు సరఫరా రికార్డును చదవగానే, బోల్టు గొలుసులో నా ‘ప్రస్తుత స్థానం’ కూడా అక్కడికి జరిగిపోయింది. బయటి `FIND NEXT` ఆ బోల్టు గొలుసులో నడవసాగింది. ఎర్రర్ ఏమీ రాలేదు. రిపోర్టులో మొత్తం పరిమాణం చేతి లెక్కతో కలవకపోతేనే తెలిసింది. లోపలికి వెళ్లేముందు రికార్డు కీ దాచుకుని, తిరిగొచ్చాక దానితో మళ్లీ అదే రికార్డుకు వెళ్లడమే మందు.

రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించిన ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో తన వ్యాసంలో ఎత్తిచూపినవాటిలో ఈ బాధ ఒకటి: ప్రోగ్రాములు డేటాను చేరే దారి మీద ఆధారపడటం. రిలేషనల్‌లో దారి ఊసే ఉండదు:

```sql
SELECT s.name, y.qty
FROM supplier s
JOIN supply y ON y.sno = s.sno
WHERE y.pno = 'P2';
```

తర్వాత `pno` మీద ఇండెక్స్ వేసినా ఇందులో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. దారి ఎంచుకునేది ఆప్టిమైజర్. ఇది అంత తేలిగ్గా రాలేదు. 1970లలో ఐబీఎం పరిశోధన ప్రాజెక్టు సిస్టమ్ ఆర్‌లో ఏళ్లు పనిచేశాకే ఆచరణలో నిలబడగలదని తేలింది. ఇప్పటికీ టేబుల్ గణాంకాలు పాతబడితే ఆప్టిమైజర్ తప్పు దారి పట్టి, సెకన్లలో రావాల్సిన జవాబుకు నిమిషాలు తీసుకుంటుంది. అయితే జవాబు మాత్రం సరైనదే వస్తుంది. ఆ రిపోర్టు తర్వాత నాకు కావలసింది అదే.