24 గంటల స్టోరీయా, నిలిచే వీడియోనా?

ఇన్‌స్టాగ్రామ్ స్టోరీని ఎక్కువగా చూసేది ఇప్పటికే ఫాలో అవుతున్నవాళ్లే. రీల్ మాత్రం కొత్తవాళ్లకూ చేరుతుంది, నెలల తర్వాత కూడా సెర్చ్‌లో దొరకొచ్చు.

గిటార్ నేర్పే క్రియేటర్‌నే తీసుకోండి. "రేపటితో రిజిస్ట్రేషన్ ముగుస్తుంది" అన్న కబురు స్టోరీకే తగును. అందులో లింక్ స్టిక్కర్ నొక్కితే నేరుగా ఫారం తెరుచుకుంటుంది. రీల్ క్యాప్షన్‌లో రాసిన లింక్ మామూలుగా నొక్కినా తెరుచుకోదు. పైగా గడువు దాటాక కూడా రీల్ కొత్తవాళ్లకు కనిపిస్తూ, "ఇంకా చేరొచ్చా?" అన్న కామెంట్లు వస్తూనే ఉంటాయి.

తీగలు ట్యూన్ చేసే పద్ధతైతే వీడియోగానే తీయాలి. స్టోరీలో పెడితే ఆ శ్రమంతా ఒక్క రోజుకే. ఏ పాఠం కావాలో మాత్రం ముందుగా స్టోరీలో పోల్ పెట్టి అడగడం మేలు.

పాఠం ఇప్పటికే స్టోరీగా పోయిందా? ఆర్కైవ్ నుంచి హైలైట్స్‌లో చేర్చవచ్చు, కానీ అది ప్రధానంగా ప్రొఫైల్ తెరిచినవాళ్లకే కనబడుతుంది.