ఎనిమిదేళ్లు వాడిన ఎస్ఆర్ఎస్ టెంప్లేట్: ఏ సెక్షన్ ఎంత రాయాలి

శ్రీకాకుళంలో ముగ్గురం కలిసి చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ చేస్తుంటాం. పని మొదలుపెట్టే ముందు ఏం కావాలో రాసుకునే పత్రం, అంటే ఎస్ఆర్ఎస్, 2017 నుంచి ఒకే టెంప్లేట్‌లో రాస్తున్నాం. అది ఐఈఈఈ 830 అనే ప్రమాణం నుంచి వచ్చింది. మేం వాడేది 1998 నాటి కూర్పు. 2011లో దాని స్థానంలో 29148 అనే కొత్త ప్రమాణం వచ్చింది, అయినా ఇంజనీరింగ్ కాలేజీల్లో చెప్పేదీ, చేతులు మారుతూ తిరిగే టెంప్లేట్లలో కనిపించేదీ ఎక్కువగా పాతదే. ఇన్నేళ్లు వాడాక అందులో ఏది పనికొచ్చిందో, ఏది పేజీలు నింపడానికే సరిపోయిందో రాస్తున్నాను.

నిర్మాణం తేలిక. మూడు సెక్షన్లు. మొదటిది పరిచయం: పత్రం ఎందుకు, సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది, ఏం చేయదు, పదాల అర్థాలు, ఆధారపడిన ఇతర పత్రాలు. రెండోది మొత్తం వివరణ: ఇది ఏ ఇతర వ్యవస్థల మధ్య పనిచేస్తుంది, ముఖ్యమైన పనులు, వాడేవాళ్లు ఎలాంటివాళ్లు, పరిమితులు, మనం నిజమని అనుకుంటున్న విషయాలు. మూడోది అసలు అవసరాలు: స్క్రీన్లు, యంత్రాలతో సంబంధం, ఒక్కో పని ఎలా జరగాలి, వేగం, డేటా, భద్రత. మూడో సెక్షన్‌ను ఏ వరుసలో పేర్చాలో ప్రమాణం మనకే వదిలేసింది. వాడేవాళ్ల వారీగానో, పనుల వారీగానో పెట్టుకోవచ్చు. మేం పనుల వారీగా పెడతాం.

టెంప్లేట్ చెప్పనిది ఒకటుంది: ఏది ఎంత లోతుగా రాయాలి. శీర్షికలన్నీ ఒకే సైజులో ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు అన్నిటికీ ఒకే శ్రద్ధ పెడతారు. మేమూ అలాగే చేశాం. పలాస వైపు ఒక జీడిపప్పు యూనిట్‌కి రాసిన మా మొదటి పత్రం 41 పేజీలు వచ్చింది. పరిచయమే ఐదు పేజీలు. స్క్రీన్ బొమ్మలు, డేటాబేస్ టేబుళ్లు, వాటి కాలమ్‌ల పేర్లు కూడా పెట్టాం. పీలింగ్ కూలి గురించి మాత్రం ఒకే వాక్యం: "పీలింగ్ చేసే వాళ్లకి తూకం ప్రకారం కిలోల లెక్కన కూలి కట్టాలి."

జీడి యూనిట్లో పని ఎలా నడుస్తుందో తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. పిక్కలు బస్తాల్లో వస్తాయి. వాటిని ఆవిరికి ఉడికించి, కటింగ్ చేసి, పొట్టుతో ఉన్న పప్పును బోర్మా అనే వేడి గదిలో ఆరబెడతారు. తర్వాత పొట్టు తీసే పని, అదే పీలింగ్. దాని తర్వాత గుండ్లు, బద్దలు, ముక్కలుగా వేరుచేసి గ్రేడింగ్. పీలింగ్‌లో ఎక్కువగా ఆడవాళ్లే ఉంటారు. రోజులో మూడు నాలుగు సార్లు తమ పప్పు తెచ్చి తూయించుకుంటారు, వారం చివర కూలి బట్వాడా.

పై వాక్యం చదివి మా ప్రోగ్రామర్ తనకు న్యాయంగా తోచినట్టే రాశాడు. స్టాకు లెక్కలో అన్ని బరువులూ ఒక దశాంశం వరకే ఉన్నాయి కదా అని, ప్రతి తూకాన్నీ 100 గ్రాములకు కుదించాడు. మొదటి శనివారం బట్వాడా రోజు ఒక పెద్దావిడ తన నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. ఒక రోజు ఆమె తూకాలు 2.46, 1.87, 2.64, 1.38 కిలోలు. కలిపితే 8.35. కిలోకి 40 రూపాయలు అనుకుంటే 334 రావాలి. మా స్లిప్పులో మాత్రం 2.4, 1.8, 2.6, 1.3 ఉన్నాయి. కలిపితే 8.1, కూలి 324. ఆమె అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "ఒక్కపాలి తూస్తే ఓ లెక్క, నాలుగుపాల్లు తూస్తే ఓ లెక్కేటి బాబూ?"

రోజుకి పది రూపాయలు ఆమెకు చిన్న మొత్తం కాదు. ఇంకా బాధ పెట్టిన సంగతి ఏమిటంటే, కుదించిన తూకాన్నే డేటాబేస్‌లో దాచాం, అసలు తూకం ఎక్కడా లేదు. వాళ్ల నోటుపుస్తకాలు లేకపోతే ఆ వారం కూలి సరిచేయడానికి దారే లేదు. యజమాని ఆ పుస్తకాలు నమ్మి తేడా మొత్తం ఇచ్చేశారు. ప్రోగ్రామర్ తప్పు అని నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. మా వాక్యానికి అతను చేసిన అర్థం కూడా కుదురుతుంది. రెండు అర్థాలకు చోటిచ్చే వాక్యాన్ని రాసింది నేను.

ఆ వారం కూర్చుని ఆ ఒక్క వాక్యాన్ని ఇలా తిరగరాశాను:

WG-04: ప్రతి తూకాన్ని కాటా చూపినట్టే 10 గ్రాముల వరకు నమోదు చేయాలి. ఏ తూకాన్నీ విడిగా కుదించకూడదు, పెంచకూడదు.

WG-05: రోజు మొత్తం తూకాన్ని కిలో రేటుతో గుణించాలి. వచ్చిన కూలిని దగ్గరి రూపాయికి సరిచేయాలి, సరిగ్గా 50 పైసలు ఉంటే పై రూపాయికి.

WG-06: రోజు మధ్యలో రేటు మార్చినా మర్నాటి నుంచే అమలు కావాలి.

WG-07: తప్పు తూకాన్ని చెరిపేయకూడదు. రద్దు అని గుర్తు పెట్టి, ఎవరు, ఎప్పుడు, ఎందుకు రద్దు చేశారో ఉంచాలి.

వీటి కింద ఆ పెద్దావిడ నాలుగు తూకాలనే ఉదాహరణగా పెట్టాను, జవాబు 334 అని. అంకెలతో ఒక ఉదాహరణ పక్కన ఉంటే వాక్యంలో మిగిలిపోయిన సందేహం కూడా తేలిపోతుంది. అదే తర్వాత పరీక్షగానూ పనికొస్తుంది.

అప్పటి నుంచి ఎంత వివరం చాలో తేల్చడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. అవసరం రాసిన పేజీని యూనిట్ గుమాస్తాకి ఒకటి, మా ప్రోగ్రామర్‌కి ఒకటి ఇస్తాం. ఇద్దరూ విడివిడిగా కాలిక్యులేటర్‌తో అదే లెక్క చేస్తారు. జవాబులు కలిస్తే ఆ వాక్యానికి ఇక వివరం అక్కర్లేదు. కలవకపోతే ఎక్కడ విడిపోయారో అక్కడే ఇంకో వాక్యం కావాలి. డబ్బు, తూకం, తేదీ, రద్దు, ఈ నాలుగు ఉన్న చోట జవాబులు మొదటిసారే కలవడం అరుదు. కొత్త సరుకు పేరు చేర్చడం, చిరునామా మార్చడం లాంటి వాటికి ఒక వాక్యం చాలు.

మొదటి సెక్షన్‌లో నేను తక్కువ అంచనా వేసిన భాగం పదాల అర్థాలు. చాలామంది అక్కడ సంక్షిప్త పేర్ల పట్టిక పెట్టి వదిలేస్తారు. మాకు అసలు కావలసింది "బస్తా", "టిన్ను", "పప్పు" అనే మాటలకు అర్థం. బస్తా అంటే మా పత్రంలో 80 కిలోల పిక్కలు, టిన్ను అంటే 10 కిలోల పప్పు. పప్పు అనే మాటతో ఎక్కువ చిక్కొచ్చింది. కటింగ్ వాళ్లకి పప్పు అంటే పొట్టుతో, ఇంకా బోర్మాకి వెళ్లని సరుకు. గ్రేడింగ్ వాళ్లకి ఆరి, పొట్టు తీసిన తెల్ల పప్పు. మా మొదటి రిపోర్టు ఈ రెండింటినీ ఒకే పేరుతో పక్కపక్కన పెట్టి, మధ్యలో తగ్గిన బరువును "లోటు" అని చూపించింది. తడి ఆరడం వల్ల, పొట్టు పోవడం వల్ల తగ్గిన బరువది. అది చూసి సరుకు ఎవరో తీశారనే అనుమానం రెండు రోజులు నడిచింది. ఇప్పుడు "పొట్టు పప్పు", "తెల్ల పప్పు" అని రెండు మాటలు పెట్టి, ఏ దశలో తూచినదో రాశాం. ఈ భాగం ఒక పేజీ దాటదు గానీ అందులో ప్రతి మాటా యూనిట్లో వాడే మాటే అయ్యుండాలి. సెక్షన్‌లో మిగతాదంతా కలిపి ఇంకో పేజీ చాలు.

రెండో సెక్షన్‌లో నిజమని అనుకుంటున్న విషయాలను మేం ఒక లైనులో తేల్చేశాం: కరెంటు, నెట్ ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత చాలా రోజులు కరెంటు లేదు. పని మళ్లీ మొదలైనప్పుడు తూకాలు కాగితం మీద రాశారు. కరెంటు వచ్చాక వాటిని ఎక్కించబోతే మా సాఫ్ట్‌వేర్ ఈరోజు తేదీ తప్ప వేరే తేదీ ఒప్పుకోలేదు. ఇప్పుడు అక్కడ ప్రతి ఊహకి రెండు వాక్యాలు రాస్తాం: ఏం అనుకుంటున్నాం, అది తప్పితే ఏం జరగాలి. కరెంటు ఊహకి రెండో వాక్యం రాయగానే మూడో సెక్షన్‌లో కొత్త అవసరం దానంతట అదే పుట్టింది: పాత తేదీ తూకాలు యజమాని అనుమతితో ఎక్కించగలగాలి, అలా ఎక్కించినవి విడిగా కనిపించాలి.

వేగం గురించిన భాగం టెంప్లేట్‌లో చివరి వైపు ఉంటుంది కాబట్టి అలసిపోయి రాస్తాం. "స్లిప్పు త్వరగా రావాలి" అని రాస్తే దాన్ని ఎవరూ పరీక్షించలేరు. ప్రమాణంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది: ఆపరేటర్ వేచి ఉండకూడదు అనే బదులు, 95 శాతం లావాదేవీలు ఒక సెకనులోపు పూర్తవాలి అని రాయమంటుంది. మేం కాటా దగ్గర వరుసలో నిలబడేవాళ్లను చూసి, తూకం స్థిరపడ్డాక 95 శాతం స్లిప్పులు 3 సెకన్లలో రావాలి అని రాశాం. స్టాప్‌వాచీతో చూడొచ్చు.

తీసేసినవాటిలో నాకు ఎక్కువ ఊరట ఇచ్చింది టేబుళ్లు, స్క్రీన్ బొమ్మలు. ఎస్ఆర్ఎస్‌లో డిజైన్ పెట్టొద్దని 830 కూడా చెబుతుంది. మేం వినలేదు. రెండు నెలల్లో కాలమ్ పేర్లు మారాయి, పత్రం అబద్ధమైంది, ఆ తర్వాత కూలి లెక్క కోసం కూడా దాన్ని ఎవరూ తెరవలేదు. డిజైన్‌కి సంబంధించి ఇప్పుడు ఉంచేది తప్పనిసరి పరిమితులే: ఉన్న కాటా మార్చరు, స్లిప్పు తెలుగులో ఉండాలి.

టెంప్లేట్‌లో నాకు నిజంగా కనిపించే లోపాలు రెండు. అవసరం పక్కన "ఎందుకు" అని రాసే చోటు లేదు. WG-04 ఎందుకుందో తెలియని కొత్త ప్రోగ్రామర్ దాన్ని అనవసరమని తీసేయగలడు. అందుకే ప్రతి అవసరం కింద ఒక లైను కారణం మేమే చేర్చుకున్నాం. రెండోది, ఎలా సరిచూడాలో రాసే సెక్షన్ లేదు. 29148 వచ్చినప్పుడు సరిచూడడానికి వేరే సెక్షన్ పెట్టారు. మేం పాత టెంప్లేట్‌నే ఉంచి ఆ ఒక్కటి అక్కడి నుంచి తెచ్చుకున్నాం.

అదే యూనిట్‌కి ఇప్పుడున్న పత్రం 22 పేజీలు. పరిచయం రెండు, మొత్తం వివరణ నాలుగు, అసలు అవసరాలు పదహారు. ఆ పదహారులో ఆరు కూలి లెక్కవే. రెండు వారాల్లో అయిపోయే చిన్న పనికి నేను ఈ టెంప్లేట్ మొత్తం వాడను. పదాల అర్థాలు ఒక పేజీ, అంకెల ఉదాహరణలతో అవసరాలు మూడు నాలుగు పేజీలు రాసి, యజమాని చేత, గుమాస్తా చేత సంతకం పెట్టించుకుంటాను.