విశాఖలో పిల్లలకి ఫ్లాట్ చూస్తున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు బాత్‌రూమ్‌లో గీజర్ ఏదో చూడండి

మద్దిలపాలెం చుట్టుపక్కల కాలేజీ పిల్లల కోసం ఫ్లాట్ వెతుకుతున్నవాళ్ళు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. మాది బొబ్బిలి. జూన్‌లో మా అమ్మాయికీ, తనతో చదివే ఇంకో ఇద్దరికీ కలిపి రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ తీసుకున్నాం. అద్దె 14,000, అడ్వాన్స్ రెండు నెలలది. కాలేజీకి నడిచి వెళ్ళొచ్చు, గేటు దగ్గర కెమెరా ఉంది, వాచ్‌మన్ కుటుంబంతో కిందే ఉంటాడు, ఆడపిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాం. మా ఆయన తలుపు గొళ్ళాలు, కిటికీ గ్రిల్స్ అన్నీ లాగి లాగి చూశారు. బాత్‌రూమ్‌లోకి మాత్రం ఇద్దరం తొంగి చూసి, గీజర్ ఉంది కదా అని బయటికొచ్చేశాం.

అది గ్యాస్ గీజర్. సిలిండర్ బాల్కనీలో, పైపు గోడలోంచి లోపలికి, మంట మండేది మాత్రం స్నానం చేసే గదిలోనే. పైన చిన్న వెంటిలేటర్ ఉంది గానీ దోమలొస్తున్నాయని ముందున్న వాళ్ళెవరో ప్లాస్టిక్ షీట్ కొట్టేశారు. తలుపు కొత్తది, కింద సందు కూడా లేదు.

విశాఖలో చలేముంటుంది అంటారు గానీ డిసెంబర్‌లో తలస్నానానికి వేడినీళ్ళు కావాల్సిందే. ఆ రోజు మా అమ్మాయి పావుగంటైనా బయటికి రాలేదు, బకెట్ పొంగి నీళ్ళు పోతున్న చప్పుడు ఆగట్లేదని పక్క గదిలో అమ్మాయి తలుపు కొట్టింది. పలుకు లేదు. వాచ్‌మన్ వచ్చి గొళ్ళెం ఊడేలా తన్నాడు (ఆయన రుణం తీర్చుకోలేం). నేల మీద పడి ఉందట. బాల్కనీలోకి తెచ్చి పడుకోబెట్టి 108కి ఫోన్ చేశారు.

మేం వెళ్ళేసరికి ఆక్సిజన్ మాస్క్ పెట్టి ఉంది. అక్కడే నాకు తెలియని సంగతి ఒకటి తెలిసింది. ఫ్లాట్‌లో పిల్లలు వేలికి ఆక్సీమీటర్ పెడితే 98 చూపించిందట, ఫరవాలేదేమో అనుకున్నారట. డాక్టర్ గారు ఏమన్నారంటే, గాలి చాలని చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, రక్తంలో ఆక్సిజన్ చోటు అది పట్టేస్తుంది, వేలికి పెట్టే మిషన్‌కి ఈ రెండింటికీ తేడా తెలియదు కాబట్టి అంకె బాగానే కనిపిస్తుంది. రక్తపరీక్షలో గానీ బయటపడదు. దేవుడి దయవల్ల రెండో రోజు ఇంటికొచ్చింది.

తర్వాత అడిగితే మిగతా ఇద్దరూ చెప్పారు, నెల నుంచీ స్నానం చేసి రాగానే తలనొప్పి, కళ్ళు తిరగడం, ఒక్కోసారి వాంతి వచ్చినట్టు ఉండేదని. బయటికొచ్చి కాసేపు కూర్చుంటే తగ్గిపోయేదట. హాస్టల్ తిండి మానేసినా ఒంట్లో బాగుండట్లేదు అనుకున్నారు పాపం. మీ పిల్లలు ఫోన్‌లో ఇలాంటిదేమైనా అంటే టిఫిన్ తినలేదా అని తిట్టకండి, ముందు గీజర్ సంగతి అడగండి.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఓనర్ ముందే గీజర్ వెలిగించమనండి. మంట నీలంగా ఉండాలి. పసుపుగా ఊగుతున్నా, పైన మసి పట్టినా అది సరిగ్గా మండట్లేదని అర్థం. పైగా విశాఖలో సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది, మా గీజర్ మూత తీస్తే బర్నర్ రంధ్రాలు సగం తుప్పుతో పూడిపోయి ఉన్నాయి. అయితే మంట నీలంగా ఉందని కూడా ధీమా వద్దు, గది మూసి ఉంటే మంచి గీజర్ అయినా ప్రమాదమే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అంటారు, లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఆ ఫ్యాన్ ఏం లాగుతుంది? గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ బయట, గాలి ఆడే చోట ఉండాలి, వేడినీళ్ళు మాత్రమే పైపులో లోపలికి రావాలి. ఓనర్ మార్చనంటే ఆ ఫ్లాట్ వదిలేయండి. అప్పటిదాకా ఉండక తప్పకపోతే తలుపు తీసి బకెట్ నింపుకుని, గీజర్ ఆపేసి, గాలి ఆడనిచ్చి అప్పుడు స్నానానికి వెళ్ళమనండి.

కరెంట్ గీజర్ ఉన్న ఇల్లు దొరికితే ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి, మేం ఇప్పుడు చేరిన చోట అదే చేశాం.

ఇక ఓనర్ గారు. "పదేళ్ళుగా అందరూ వాడుతున్నారమ్మా, మీ అమ్మాయి కిటికీ తీసుకోవాల్సింది" అన్నాడు. ఏ కిటికీయో మరి. అగ్రిమెంట్‌లో ఆరు నెలలు నిండకుండా ఖాళీ చేస్తే ఒక నెల అడ్వాన్స్ ఇవ్వనని రాసి ఉంది, 11 నెలల కాగితం కదా అని మేం చదవకుండా సంతకం పెట్టాం. గీజర్, వైరింగ్ లాంటివి ప్రమాదకరంగా ఉండి ఖాళీ చేస్తే మొత్తం వెనక్కివ్వాలని ఒక్క లైన్ రాయించుకుని ఉండాల్సింది, కొత్త ఇంటికి రాయించాం. పాత ఇంటి 14,000 ఇంకా రాలేదు. ఆ ఫ్లాట్‌కి మళ్ళీ టులెట్ బోర్డు పెట్టారని వాచ్‌మన్ చెప్పాడు, గీజర్ అక్కడే ఉందట.