సర్వో మీద నాకు కోపం లేదు, దాంతో ఇచ్చిన ఎన్‌కోడర్ కేబుల్ మీదే ఉంది

ఈ సర్వో సెట్టు కొని రెండేళ్లు దాటింది. బాలానగర్‌లోని మా జాబ్‌వర్క్ షెడ్డులో పాత వీఎంసీ మిల్లింగ్ మెషీన్‌కి మూడు యాక్సిస్‌ల మోటార్లు, డ్రైవ్‌లు మార్చినప్పుడు తీసుకున్నాను. వాట్లు, టార్క్, ట్యూనింగ్ సంగతులు చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోను. కొన్న ఆరు నెలలకే నేను తెలిసినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని తీసుకోండి" అని చెప్పాను. డ్రైవ్, మోటార్ వరకు ఇప్పటికీ అదే మాట. పెట్టెలో వచ్చే కేబుల్‌కు మాత్రం ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పద్నాలుగో నెలలో మొదలైంది. ఎక్స్ డ్రైవ్ మీద ఎన్‌కోడర్ కమ్యూనికేషన్ అలారం, అంటే మోటార్ స్థానాన్ని చెప్పే ఎన్‌కోడర్ మాట డ్రైవ్‌కు అందడం లేదని. పవర్ ఆపి మళ్లీ వేస్తే పోయేది. సర్వో ఆన్‌లో ఉంచి రాత్రంతా వదిలేసినా ఏమీ వచ్చేది కాదు. టేబుల్ కదిలితేనే వచ్చేది, అదీ ప్రతిసారీ కాదు. ఫినిషింగ్ కట్ మధ్యలో ఆగిపోయి రెండు డై ప్లేట్లు పాడయ్యాయి. "అన్నా, మళ్లీ వచ్చింది" అని ఆపరేటర్ పిలిస్తే గుండె జారిపోయేది.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే సర్వీస్ అబ్బాయి వెంటనే తేల్చేశాడు. "సార్, ఎన్‌కోడర్ పోయినట్టుంది. మోటార్ మార్చాలి." మాన్యువల్‌లోనూ ఆ అలారం ఎదురుగా కేబుల్, ఎలక్ట్రికల్ నాయిస్, ఎన్‌కోడర్ అని మూడు కారణాలు రాసి ఉన్నాయి. ఏది ముందు చూడాలో చెప్పలేదు. నిలబడి ఉన్నప్పుడు బాగా పనిచేసే ఎన్‌కోడర్ కదిలితేనే చెడిపోతుందా అని నాకు అనుమానం.

ముందు డ్రైవ్ సంగతి తేల్చుకున్నాను. మా ఎక్స్, వై మోటార్లు ఒకే సైజు కాబట్టి వాటి ప్లగ్గులను రెండు డ్రైవ్‌ల మధ్య అటుదిటు మార్చాను. పవర్, ఎన్‌కోడర్ ప్లగ్గులు రెండూ జతగానే మారాలి, ఇది గుర్తుంచుకోండి. ఒక్క ఎన్‌కోడర్ ప్లగ్గే మారిస్తే డ్రైవ్ ఒక మోటార్‌ను తిప్పుతూ ఇంకో మోటార్ స్థానం చదువుతుంది. అప్పుడు టేబుల్ ఎటు దూకుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. టేబుల్‌ను నెమ్మదిగా జాగ్ చేస్తే అలారం వై డ్రైవ్ మీద వచ్చింది. అంటే డ్రైవ్ బాగానే ఉంది, లోపం ప్లగ్గు అవతల ఉంది.

డ్రైవ్ వైపు ప్లగ్గు విప్పి చూసినప్పుడు మొదటిసారి కోపం వచ్చింది. నాయిస్‌ను అడ్డుకునే షీల్డ్ అల్లికను ముందే పొట్టిగా కత్తిరించేసి, క్లాంప్‌ను దాని కింది ఫాయిల్ మీద బిగించారు. ఆ ఫాయిల్‌కు ఒకవైపే అల్యూమినియం ఉంటుంది. పైకి కనిపించేది ప్లాస్టిక్ వైపు. చూడ్డానికి తళతళలాడుతుంది, మీటర్ పెడితే షెల్‌కూ షీల్డ్‌కూ కనెక్షనే లేదు. పైగా టేబుల్‌తో పాటు కేబుళ్లను మోసుకుంటూ వంగే మా డ్రాగ్ చైన్‌లో షీల్డ్ లేని మోటార్ పవర్ కేబుల్ దీన్ని ఆనుకునే పోతుంది. సర్వో ఆన్‌లో నిలబడి ఉన్నా కొంత నాయిస్ ఉంటుంది, టేబుల్ జోరందుకునేటప్పుడు కరెంట్ పెరిగి అది ఎక్కువవుతుంది. కదిలితేనే అలారం రావడానికి ఇదే కారణమని అప్పుడు నమ్మేశాను.

కేబుల్ తొడుగు ఇంకో రెండు సెంటీమీటర్లు చెక్కి, అల్లికను వెనక్కి మడిచి, చుట్టూ ఆనేలా క్లాంప్ కింద బిగించాను. షీల్డ్‌ను సన్నటి తోకలా పేని స్క్రూకి కట్టే అలవాటు మాకూ ఉండేది. హై ఫ్రీక్వెన్సీ నాయిస్‌కు ఆ తోక పెద్దగా పనికిరాదు, షీల్డ్ చుట్టూ లోహం తాకాల్సిందే. మోటార్ వైపు ప్లగ్గు స్క్రూ ఒకటి వదులై ఉంటే బిగించాను. రోజుకు రెండు మూడుసార్లు వచ్చే అలారం వారానికి ఒకటికి తగ్గింది. అందరికీ స్వీట్లు పంచాను.

మూడు వారాలకు మళ్లీ రోజూ రావడం మొదలైంది.

ఈ సర్వోలో నాకు బాగా నచ్చిన విషయం అప్పుడే దొరికింది. మానిటర్ మెనూలో ఎన్‌కోడర్ కమ్యూనికేషన్ ఎర్రర్ల లెక్క ఒకటి ఉంది. ఒక్క సందేశం చెడితే డ్రైవ్ అలారం ఇవ్వదు, మళ్లీ అడుగుతుంది. వరసగా కొన్ని చెడితేనే అలారం. కానీ చెడ్డ ప్రతి సందేశాన్నీ ఆ లెక్కలో కలుపుతుంది. ఇన్నాళ్లూ నేను అలారం కోసం గంటలకొద్దీ కాచుకుని కూర్చున్నాను. ఈ అంకె చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోయేది.

ఆదివారం మిగతా మెషీన్లన్నీ ఆపి కూర్చున్నాం. టేబుల్‌ను ర్యాపిడ్‌లో నడిపితే అంకె పెరిగింది. నిమిషానికి 500 మి.మీ. వేగంతో మెల్లగా నడిపినా పెరిగింది, అదీ ప్రతిసారీ దాదాపు ఒకే చోట, ఎక్స్ 310 దగ్గర. నాయిస్ అయితే జోరందుకునేటప్పుడూ ఆగేటప్పుడూ ఎక్కువ రావాలి, టేబుల్ స్థానంతో దానికి పనేముంది? చివరగా సర్వో ఆఫ్ చేసి బాల్‌స్క్రూ కొసను చేత్తో తిప్పాను. 310 దాటుతుంటే అంకె 4 నుంచి 9కి దూకింది. మోటార్‌కు కరెంటే లేనప్పుడు దాని నాయిస్ ఎక్కడి నుంచి వస్తుంది? టేబుల్‌ను కదపకుండా చైన్ వంపును ఒక్కటే చేత్తో నొక్కి చూశాను. అంకె 11 అయింది.

కేబుల్ బయటికి తీసి ఆ వంపు దగ్గర బ్లేడుతో నిలువునా కోశాను. పైతొడుగు మీద గీత కూడా లేదు. లోపల షీల్డ్ అల్లిక ముక్కలు ముక్కలై నల్లటి పొడిలా వేళ్లకు అంటుకుంది. విరిగిన పోగులు సూదుల్లా లోపలి వైర్ల ఇన్సులేషన్‌లోకి దిగి ఉన్నాయి. డేటా జతలో ఒక వైరు తెగి, రెండు కొసలూ ఒకదాన్నొకటి తాకుతూ నిలిచింది. వంగితే విడిపోతుంది, సాపుగా ఉంటే కలుస్తుంది. మల్టీమీటర్ బీప్ పెట్టి చూసినప్పుడు బాగానే ఉందని చెప్పింది మరి!

ఇది కదలకుండా ఉండే చోట వేసే కేబుల్. చైన్‌లో రోజుకు వేలసార్లు వంగడానికి చేసింది కాదు. మా చైన్ వంపు వ్యాసార్ధం 55 మి.మీ., కేబుల్ మందం 8 మి.మీ., అంటే ఏడు రెట్లు కూడా లేదు. చైన్ కోసమే చేసిన కేబుళ్లకు సాధారణంగా ఏడున్నర నుంచి పది రెట్లు అడుగుతారు. చైన్ ఎంచిన తప్పు నాది. కానీ ఈ కేబుల్ చైన్‌లో వేయకూడదని పెట్టె మీద ఒక్క ముక్క రాసుంటే ఆ రెండు ప్లేట్లు మిగిలేవి.

చైన్‌ను 100 మి.మీ. వ్యాసార్ధానికి మార్చాను. జతలు పేనిన, షీల్డ్ ఉన్న ఫ్లెక్స్ కేబుల్ వేసి, షీల్డ్‌ను రెండు కొసలా లోహం తాకేలా బిగించాను. పవర్ కేబుల్ కూడా షీల్డ్ ఉన్నది వేసి, ప్యానెల్ ప్లేటు మీద పెయింట్ గీకి క్లాంప్ కొట్టాను. చైన్‌లో రెంటి మధ్యా అడ్డు పలక పెట్టాను. అంతా కలిపినా కొత్త మోటార్ ధరలో మూడో వంతు దాటలేదు. మీది బ్యాటరీ ఉన్న ఆబ్సల్యూట్ ఎన్‌కోడర్ అయితే, కేబుల్ పీకే ముందు హోమ్ పొజిషన్ గుర్తు పెట్టుకోండి. బ్యాటరీ కేబుల్ మీదే ఉంటే, పీకగానే మోటార్ ఎన్ని చుట్లు తిరిగిందన్న లెక్క పోతుంది. నాకు మళ్లీ రెఫరెన్స్ చేయడానికి పూట పట్టింది.

తొమ్మిది నెలలుగా ఎక్స్ లెక్క సున్నా దగ్గరే ఉంది. కేబుల్ కదలని మెషీన్ అయితే ఈ సెట్టు ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు, ప్లగ్గు లోపల షీల్డ్ ఒక్కటి విప్పి చూసుకోండి. చైన్‌లో పోతే మాత్రం ఎన్‌కోడర్ కేబుల్ డబ్బు విడిగా లెక్కేసుకోండి. మాది రెండు షిఫ్టుల పని కాబట్టి పద్నాలుగు నెలలకే పోయింది, రోజుకు గంట నడిపేవాళ్లకు ఇంకా చాలాకాలం రావచ్చు. మా వైలో ఇప్పటికీ పెట్టెలో వచ్చిన కేబులే ఉంది. ప్రతి శనివారం దాని అంకె చూస్తాను. నిన్న 2 చూపించింది, కొత్త కేబుల్‌కు ఆర్డర్ పెట్టేశాను.