పహాణీ మీద పడ్డ ఊదా ముద్ర తీయడానికి రంగు ఛానెళ్లు: రెండేళ్లు వాడాక

కంప్యూటర్ ప్రింటు పహాణీ నకళ్లలోని పట్టికలను టెసరాక్ట్‌తో చదివించి ఎక్సెల్‌లోకి ఎక్కించడం నా పని. ధ్రువీకరించిన నకళ్లు కాబట్టి ప్రతి పేజీ మీద ఊదారంగు గుండ్రటి ముద్ర ఉంటుంది. అది చాలాసార్లు విస్తీర్ణం గడి మీదే పడుతుంది.

మొదట్లో ముద్రలకు ఎరుపు ఛానెల్ తీసుకోవాలని ఎక్కడో చదివి అదే చేశాను. ఎర్ర ముద్రకైతే అది సరిగ్గా పనిచేస్తుంది. ఎర్ర సిరా ఎరుపు ఛానెల్‌లో కాగితమంత తెల్లగా కనిపిస్తుంది, నల్ల అక్షరం మాత్రం నల్లగానే ఉంటుంది. ఊదా సిరా అలా కాదు. 0 నలుపు, 255 తెలుపు అనుకుంటే, నా స్కాన్లలో దాని విలువ ఎరుపులో 110 దగ్గర, నీలంలో 165 దగ్గర ఉండేది. అంటే ఎరుపు ఛానెల్‌లో ముద్ర పోలేదు, బూడిద రంగుకు మారిందంతే.

దాని ఫలితం ఒక సర్వే నంబరులో బయటపడింది. మూడు భాగాలు 2-14, 1-36, 1-10, మొత్తం 5-20. మధ్య గడిని 1-86 అని చదివింది. ముద్ర అంచు గీత 3కి ఎడమవైపు అతుక్కుని 8 అయింది. ఎకరానికి 40 గుంటలే కాబట్టి 86 గుంటలు ఉండవు, అందుకే దొరికింది. అదే 1-30 కాస్తా 1-36 అయ్యుంటే మొత్తం కూడి చూస్తే తప్ప తెలిసేది కాదు. అప్పటి నుంచి ప్రతి సర్వే నంబరుకూ మొత్తం కూడి చూస్తున్నాను.

ఇప్పుడు ప్రతి చుక్కకూ మూడు ఛానెళ్లలో ఎక్కువ విలువనే తీసుకుని, అది 130 దాటితే తెల్లగా మారుస్తున్నాను. ఊదా, ఎరుపు, నీలం ముద్రలన్నిటికీ ఇదొక్కటే సరిపోతోంది:

```python
import cv2
img = cv2.imread("page.png")
ch = img.max(axis=2)
ch[ch > 130] = 255
cv2.imwrite("clean.png", ch)
```

విడిగా ఒకే ఛానెల్ కావాలంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఓపెన్‌సీవీలో వరుస నీలం, ఆకుపచ్చ, ఎరుపు. `img[:,:,0]` అంటే నీలం.

130 అనేది నా స్కానర్‌కు కుదిరిన అంకె. మరీ తగ్గిస్తే ముందు తలకట్లు, సన్నటి ఒత్తులు చెరిగిపోతాయి. అందుకే ముద్ర లేని చోట ఒక ఒత్తక్షరాన్ని పెద్దది చేసి చూసి, ఆ తర్వాతే అంకె ఖాయం చేస్తాను. స్కాన్ కూడా 300 డీపీఐలో, రంగుల్లో, పీఎన్‌జీగా ఉండాలి. ఫోన్ యాప్‌లు ఇచ్చే జేపెగ్‌లో రంగు వివరం తగ్గిపోయి, ముద్ర కింది అక్షరాల అంచుల్లోకి ఊదా పాకుతుంది.

బూడిద రంగు వాటర్‌మార్క్‌కు ఛానెళ్లతో లాభం లేదు, మూడింటిలోనూ విలువ ఒకటే. అది అక్షరం కన్నా బాగా లేతగా ఉంటే 130 గీతే దాన్ని చెరిపేస్తుంది. నల్ల ముద్రకు, జిరాక్స్ కాపీకి ఈ పద్ధతి పనికిరాదు.

నన్ను నిజంగా భయపెట్టింది వేరే. ఒక నకలులో విస్తీర్ణాన్ని నీలం పెన్నుతో కొట్టేసి, పక్కన సరైన అంకె రాసి సంతకం చేశారు. ముద్రతో పాటు ఆ దిద్దుబాటు కూడా మాయమైంది, కొట్టేసిన పాత అంకె శుభ్రంగా ఎక్సెల్‌లోకి వెళ్లింది. ఇప్పుడు చెరిగిన చుక్కలన్నిటినీ వేరే బొమ్మగా దాచి, గడుల లోపల గీతలేమైనా ఉన్నాయా అని ప్రతి పేజీకీ కళ్లతో చూస్తున్నాను.