జాగ్రత్త: తుపాను క్లెయిమ్‌కి గుండుగుత్త ఎస్టిమేట్ జతచేస్తే డబ్బు పోయేది స్కూలుకే

తిరుపతి, చిత్తూరు వైపు ప్రైవేటు స్కూళ్ల కరెస్పాండెంట్లు, సొసైటీ సెక్రటరీలు ఇది ఒకసారి చదవండి. మనకు నవంబరు, డిసెంబరు వచ్చిందంటే వాయుగుండాల కాలం. 2021 నవంబరు వానలు, 2023 డిసెంబరు మిచౌంగ్ ఎవరూ మరిచిపోయి ఉండరు. గాలివాన తగ్గిన మర్నాడే గేటు దగ్గరికి ఒక కాంట్రాక్టరు వస్తాడు. "ఇన్సూరెన్సు ఉంది కదా సార్, ఎస్టిమేట్ నేనిస్తా, ఫోటోలు నేనే తీయిస్తా, లెటరు కూడా టైపు చేయించి తెస్తా, పని మాత్రం నాకే ఇవ్వండి" అంటాడు. ఎస్టిమేట్‌కి రూపాయి కూడా తీసుకోడు. అసలు ఖర్చు ఎక్కడ పడుతుందో క్లెయిమ్ సెటిల్ అయ్యాక తెలుస్తుంది.

తిరుపతి రూరల్‌లో ఒక హైస్కూలుకు ఇదే జరిగింది. స్కూలు పేరు, కంపెనీ పేరు, కాంట్రాక్టరు పేరు ఇక్కడ అనవసరం. అంకెలు చూస్తే చాలు. రెండంతస్తుల మిద్దె, పక్కన డైనింగ్ షెడ్డు, అన్నీ కలిపి 8,000 చదరపు అడుగులు. బిల్డింగుకు పాలసీలో సమ్ ఇన్సూర్డ్ కోటి రూపాయలు. క్లెయిమ్ లెటరుకు జతచేసిన ఎస్టిమేట్ ఒకే పేజీ, నాలుగే లైన్లు: షెడ్డు రూఫింగ్ 4,80,000, కాంపౌండు గోడ 1,80,000, మిద్దె వాటర్‌ప్రూఫింగ్ 2,40,000, కరెంటు, కిటికీలు, పెయింటింగ్ అన్నీ కలిపి 1,50,000. మొత్తం పదిన్నర లక్షలు. చివరికి తేలింది 1,18,750, అందులోంచి ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన మొత్తం, కూడా పోయింది.

కంపెనీ మోసం చేసిందని అందరూ అనుకున్నారు. నష్టం అంచనాకు కంపెనీ పంపిన సర్వేయరు ఇచ్చిన రిపోర్టు తెప్పించి చూస్తే కోత పడిన ప్రతి చోటా కారణం ఆ ఒక్క పేజీలోనే ఉంది.

షెడ్డు మీద ఉన్నవి సిమెంటు రేకులు, మొత్తం 40. గాలికి లేచిపోయినవీ పగిలినవీ 26, రేకుల కింద అడ్డంగా ఉండే పర్లిన్లు నాలుగు వంగాయి. కాంట్రాక్టరు మాత్రం షెడ్డంతా విప్పేసి, కొత్త ట్యూబులార్ ట్రస్సులు వేసి, పైన కలర్ కోటెడ్ రేకులు కప్పేలా రాశాడు. పాలసీ ఇచ్చేది ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడానికి. అంతకంటే మెరుగైనది కావాలంటే ఆ తేడా స్కూలే పెట్టుకోవాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఎస్టిమేట్‌లో సిమెంటు రేకు ధరే లేదు కాబట్టి సర్వేయరు తన రేట్లే వేసుకున్నాడు. రేకులు, రిడ్జ్ ముక్కలు, జె-బోల్టులు, కూలి, పర్లిన్లు అన్నీ కలిపి 70,000 దగ్గర తేల్చాడు. మన కాగితంలో రేటు లేనప్పుడు అది తక్కువని వాదించడానికి చేతిలో ఏమీ ఉండదు.

గోడ పడింది 60 అడుగుల పొడవున. ఎస్టిమేట్‌లో పొడవు ఉంది గానీ ఎత్తు లేదు, మందం లేదు, పునాది కూడా కలిపాడు. సర్వేయరు తవ్వించి చూస్తే పునాది చెక్కుచెదరలేదు. నేల పైభాగానికే అడుగుకు 1,200 చొప్పున 72,000 ఒప్పుకున్నాడు. ఎలక్ట్రికల్, కిటికీల లైనులో స్విచ్ బోర్డులెన్నో, ఫ్యాన్లెన్నో, అద్దాలెన్నో లేదు. తర్వాత బిల్లులు చూపించగలిగిన మేరకు 48,000 వచ్చింది.

వాటర్‌ప్రూఫింగ్‌కి సున్నా. ఇది చాలా స్కూళ్లకు మింగుడుపడని విషయం. తుపానులో నీళ్లు కారినంత మాత్రాన అది తుపాను నష్టం అయిపోదు. గాలికి పారపెట్ కూలి స్లాబు మీద పడి పగిలితే, లేదా చెట్టు విరిగి పడి మిద్దెకు చిల్లు పడితే, అక్కణ్ణుంచి దిగిన నీళ్ల నష్టం వేరు. ఎప్పటినుంచో ఉన్న పగుళ్లలోంచి ఉరిసిన తేమ వేరు, అది మెయింటెనెన్సు కిందికే పోతుంది. సీలింగు మీద ఒకదాని చుట్టూ ఒకటిగా పసుపు రంగు అంచులు కనిపిస్తే, సున్నం పొరలు పొరలుగా లేచి ఉంటే, ఆ తేమ ఒక్క వానది కాదని సర్వేయరుకు చూడగానే అర్థమైపోతుంది. పైగా కాంట్రాక్టరు తీయించిన ఫోటోల్లోనే ఆ మరకలన్నీ క్లోజప్‌లో ఉన్నాయి. అర్హత లేని ఐటమ్ ఒకటి పెద్ద మొత్తానికి పెడితే, న్యాయమైన మిగతా ఐటములను కూడా అనుమానంగా చూడటం మొదలవుతుంది.

ఇంతవరకూ 70,000, 72,000, 48,000 కలిపి 1,90,000. అది 1,18,750కి ఎలా దిగిందన్నదే ఈ పోస్టుకు అసలు కారణం.

తన రేట్లు ఎక్కువ కాదని చూపించుకోడానికి కాంట్రాక్టరు కవరింగ్ లెటరులో ఒక వాక్యం రాశాడు: "ప్రస్తుతం ఈ ఏరియాలో కొత్త నిర్మాణానికి చదరపు అడుగుకు రూ. 2,000 అవుతున్నది." దాని కింద స్కూలు సీలు, కరెస్పాండెంట్ సంతకం. సర్వేయరు ఆ 2,000నే 8,000 అడుగులతో గుణించాడు. బిల్డింగు విలువ 1.6 కోట్లు, ఇన్సూరెన్సు కోటికే, అంటే 62.5 శాతానికే. ఇలా తక్కువకు ఇన్సూరెన్సు చేసినప్పుడు తేలిన నష్టంలో కూడా అంత శాతమే ఇస్తారు. దీన్నే అండర్ ఇన్సూరెన్స్ అంటారు. బిల్డింగంతా కూలిపోతేనే ఈ లెక్క వర్తిస్తుందనుకోవద్దు, పది రేకులు ఎగిరిపోయినా ఇదే లెక్క. 1,90,000లో 62.5 శాతం సరిగ్గా 1,18,750.

అదే బిల్డింగుకు, మామూలు ఫ్లోరింగు, మామూలు ఫిటింగులతో ఉన్న మిద్దెకు, ప్రభుత్వ ఎస్సెస్సార్ రేట్ల ఆధారంగా తర్వాత ఇంజినీరు చేత వేయిస్తే చదరపు అడుగుకు 1,450 తేలింది. అంటే విలువ 1.16 కోట్లు, ఇన్సూరెన్సు చేసిన కోటి దానికంటే 13.8 శాతమే తక్కువ. 5 కోట్ల లోపు విలువైన ఆస్తులకు 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష లాంటి పాలసీలో 15 శాతం దాకా తక్కువున్నా పట్టించుకోరు. ఆ లెక్కే ముందుగా లెటరుతో వెళ్లి, సర్వేయరు ఒప్పుకుని ఉంటే ఈ కోత ఉండేది కాదు. నష్టాన్ని పెంచి చూపించబోయిన రేటు బిల్డింగు విలువను పెంచి, క్లెయిమ్‌నే తగ్గించింది. విలువ తక్కువ చేసి రాయమని దీని అర్థం కాదు, అది ఇంకో రకం చిక్కు. ఉన్న బిల్డింగుకు ఉన్న రేటు రాయమని మాత్రమే. రెన్యూవల్ అప్పుడు సమ్ ఇన్సూర్డ్‌ను స్థలం ధర కలపకుండా, ఈరోజు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకు సరిచేసుకుంటే ఈ గొడవే ఉండదు. ఎప్పుడో బ్యాంకు లోన్ కోసం వేసిన అంకెనే ఏళ్ల తరబడి రెన్యూ చేస్తున్న స్కూళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి.

మరి ఎస్టిమేట్ ఎలా ఉండాలి? ప్రతి లైనుకు కొలత, పరిమాణం, యూనిట్ రేటు, మొత్తం ఉండాలి. షెడ్డు రేకుల లైను ఇలా రాయించండి: "డైనింగ్ షెడ్డు, తూర్పు వాలు, 3 మీటర్ల సిమెంటు రేకులు, 26, ఒక్కొక్కటి ఇంత, ఫోటోలు 4 నుంచి 9." విప్పడానికి, శిథిలాలు తీయడానికి అయ్యే ఖర్చు విడి లైనులో పెట్టాలి, దానికి పాలసీలో వేరే పరిమితి ఉంటుంది. జీఎస్టీ కలిపారో లేదో స్పష్టంగా రాయించండి. ఈ పనుల మీద 18 శాతం పడుతుంది, స్కూలుకు అది తిరిగి వచ్చేది కాదు. మెరుగు పరిచే పనులు చేయించుకోవాలనుంటే వాటికి వేరే కాగితం, క్లెయిమ్‌లో దాని ఊసే వద్దు. ఇక మూడు కొటేషన్లు కావాలన్నారని ఒకే కాంట్రాక్టరు మూడు లెటర్‌హెడ్ల మీద టైపు చేయించి తెస్తాడు. మూడింటిలోనూ "పర్లిన్" అన్న మాట ఒకే రకంగా తప్పు పడి ఉంటుంది. సర్వేయర్లకు ఇవి కొత్త కాదు.

ఫోటోల సంగతి. తీయకముందే చెత్త ఎత్తేయించొద్దు. పిల్లలు తిరిగే చోటు కాబట్టి ముందు మెయిన్ స్విచ్ ఆపించి తాడు కట్టండి, ఆ తర్వాత ఫోటోలు. ఒక్కో నష్టానికి మూడు చాలు: బిల్డింగులో అది ఎక్కడుందో తెలిసేలా దూరం నుంచి ఒకటి, ఆ భాగం మొత్తం కనిపించేలా ఒకటి, టేపు పెట్టి దగ్గర నుంచి ఒకటి. పగిలిన రేకుల మీద సుద్దముక్కతో 1, 2, 3 అని నంబర్లు వేసి తీస్తే 26 అన్న అంకెకు తిరుగుండదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ, సమయం వివరాలు కూడా పోతాయి. అసలు ఫైళ్లు మెయిల్‌లో పంపండి, లేదా డాక్యుమెంటుగా జతచేయండి. ఫోటోలయ్యాక టార్పాలిన్ కప్పించి ఆ బిల్లు దాచండి. నష్టం పెరగకుండా చూడటం పాలసీ ప్రకారం మన బాధ్యతే. పాత రేకులు, వంగిన ఇనుము సర్వేయరు చూసేదాకా అమ్మొద్దు. స్కూలు గుర్తింపు కోసం తీసుకున్న స్ట్రక్చరల్ సౌండ్‌నెస్ సర్టిఫికెట్, తుపానుకు ముందు వార్షికోత్సవంలో తీసిన ఫోటోల్లో వెనక కనిపించే షెడ్డు, ఇలాంటివి బిల్డింగు అంతకుముందు బాగుందని చూపించడానికి పనికొస్తాయి.

లెటరు పొడుగ్గా ఉండక్కర్లేదు. పాలసీ ఏ పేరు మీద ఉందో ఆ పేరు మీదే, అంటే చాలా చోట్ల స్కూలు పేరు కాదు సొసైటీ పేరు మీద, రాయాలి. పాలసీ నంబరు, నష్టం జరిగిన తేదీ, సమయం, ఐటములు, ఎస్టిమేట్ సీరియల్ నంబరు, ఫోటో నంబరు ఉంటే చాలు. ఆ రోజు మండలంలో పడిన వాన లెక్కను ప్రణాళికా శాఖ వారి ఆటోమేటిక్ స్టేషన్ల రీడింగ్ నుంచి తీసి జతచేయండి. కంపెనీకి సమాచారం అదే రోజు వెళ్లాలి. రాతపూర్వక క్లెయిమ్‌కి పాత ఫైర్ పాలసీల్లో 15 రోజులే గడువు, మీ పాలసీలో ఎంతుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. కాంట్రాక్టరు రాసి తెచ్చిన లెటరు మీద సంతకం పెట్టేముందు అందులో చదరపు అడుగు రేటు ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఇంజినీరు లెక్క లేకుండా ఉట్టి అంకె ఉంటే కొట్టేయించండి.

సర్వేయరు రిపోర్టు కాపీ కావాలని మెయిల్‌లో అడగండి. ఫైనల్ సెటిల్‌మెంట్ వోచర్ వచ్చాక మొత్తం నచ్చకపోతే, "అండర్ ఇన్సూరెన్స్ లెక్క మీద అభ్యంతరంతో" అని వోచర్ మీదే రాసి, ఆ అభ్యంతరం వివరంగా అదే రోజు మెయిల్ చేసి, అప్పుడు సంతకం పెట్టండి.